వందలో తొంభై ఏడు, వందలో మూడు: చెన్నై వైద్యులకు ఒక బహిరంగ లేఖ

చెన్నై ఆస్పత్రుల్లో తెలుగు రోగులకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు, ఆపరేషన్‌కు ముందు వారి కుటుంబాలతో మాట్లాడే కౌన్సెలర్లకు నమస్కారం.

నేను వైద్యుణ్ణి కాను. కాలేజీలో గణాంకశాస్త్రం బోధించి రిటైరయినవాణ్ణి. కోడంబాక్కంలో ఇల్లు ఉన్న పాపానికి, పుణ్యానికి కూడా, నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి వచ్చే బంధువులందరికీ మా ఇల్లే మొదటి మజిలీ. స్కాన్ ఫిల్ముల సంచి పట్టుకుని వాళ్ళ వెంట నేనూ వస్తాను. మీ గదిలో రోగికి ఒక కుర్చీ, కొడుక్కో కూతురికో ఒక కుర్చీ పోగా, గోడవారగా మిగిలే మూడో కుర్చీ నాది. మీ వైద్యం మీద మాట్లాడే అర్హత నాకు లేదు. మీరు చెప్పే అంకెల గురించి మాత్రం, అవి ఎదుటివారి చెవిలో పడ్డాక ఏమవుతున్నాయో దగ్గర నుంచి చూసినవాడిగా, నాలుగు మాటలు చెప్పాలని ఈ లేఖ.

మా ఆవిడ అన్నగారికి గుండె కవాటం మార్చాలన్నారు. ఊరు నాయుడుపేట. మనిషి నడుస్తున్నాడు, తింటున్నాడు, మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడు. మొదట వెళ్ళిన ఆస్పత్రిలో సర్జన్ నెమ్మదిగా, నిజాయితీగా చెప్పారు: "ఈ ఆపరేషన్‌లో మూడు శాతం ప్రాణాపాయం ఉంటుందండీ." రెండో అభిప్రాయం కోసం ఇంకో ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడి డాక్టరు కాగితాలన్నీ చూసి, "నూటికి తొంభై ఏడు మంది క్షేమంగా ఇంటికి వెళతారు, భయపడకండి" అన్నారు. ఆ సాయంత్రం బావగారి కొడుకు మా వరండాలో కూర్చుని నాతో అన్న మాట ఇది: "మామయ్యా, అక్కడ చేయించొద్దు. అక్కడ రిస్కు ఉందట. రెండో చోట తొంభై ఏడు శాతం గ్యారంటీ ఇస్తున్నారు."

కుర్రవాడు ఇంజనీరు. నూటిలోంచి తొంభై ఏడు తీసేస్తే ఎంతో వాడికి నేను చెప్పనక్కర్లేదు. వాడు కూడిక తీసివేతల్లో తప్పలేదు. అసలు ఆ పని పెట్టుకోలేదు. ఒక డాక్టరు నోట చావు వినిపించింది, ఇంకొకరి నోట ఇల్లు వినిపించింది. ఆస్పత్రి ఎంపిక అక్కడే అయిపోయింది. నిజం చెప్పిన ఇద్దరిలో ఒకరికి భయపెట్టేవాడన్న పేరు, ఇంకొకరికి హస్తవాసి మంచిదన్న పేరు వచ్చాయి.

చదువు తక్కువై ఇలా జరుగుతుందని మీరు అనుకుంటే, మీ వృత్తిలోనే జరిగిన ఒక పరిశోధన గుర్తు చేస్తాను. 1982లో అమెరికాలో బార్బరా మెక్‌నీల్, స్టీఫెన్ పాకర్, హెరాల్డ్ సాక్స్ అనే ముగ్గురు వైద్యులు, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కలిసి దీన్ని ప్రచురించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకోండి, ఆపరేషన్ చేయించుకుంటారా, రేడియేషన్ తీసుకుంటారా అన్నది ప్రశ్న. అడిగింది మూడు రకాల మనుషుల్ని: వేరే దీర్ఘ వ్యాధులతో ఆస్పత్రికి వచ్చిపోయే రోగుల్ని, పై చదువులు చదువుతున్న విద్యార్థుల్ని, నాలుగు వందల మందికి పైగా డాక్టర్లను.

కొందరికి బతికినవాళ్ళ లెక్క ఇచ్చారు. ఆపరేషన్ చేయించుకున్న 100 మందిలో 90 మంది ఆ గండం దాటతారు, ఏడాది తర్వాత 68 మంది ఉంటారు, అయిదేళ్ళ తర్వాత 34 మంది. రేడియేషన్ తీసుకున్న 100 మందిలో అందరూ చికిత్స దాటతారు, ఏడాదికి 77 మంది, అయిదేళ్ళకు 22 మంది. మిగతావారికి ఇదే పట్టికను పోయినవాళ్ళ లెక్కగా ఇచ్చారు. ఆపరేషన్‌లోనూ ఆ వెంటనేనూ 10 మంది, ఏడాదిలోపు 32 మంది, అయిదేళ్ళలోపు 66 మంది పోతారు. రేడియేషన్‌లో చికిత్స సమయంలో ఒక్కరూ పోరు, ఏడాదిలోపు 23 మంది, అయిదేళ్ళలోపు 78 మంది. ఇవి ఆనాటి అంకెలు. ఈనాటి ఊపిరితిత్తుల శస్త్రచికిత్సకు వర్తిస్తాయని ఎవరూ అనుకోవద్దు.

బతికిన లెక్క విన్నవారిలో రేడియేషన్ కోరుకున్నవారు 18 శాతం. పోయిన లెక్క విన్నవారిలో 44 శాతం. రోగం అదే, వైద్యం అదే, అంకెలు అవే. డాక్టర్లలో ఈ తేడా రోగుల కంటే ఏమీ తక్కువగా లేదు. గణాంకాల పాఠాలు చదివిన విద్యార్థులూ దీనికి అతీతులు కాలేదు. ఈ చివరి సంగతి నాకు కొంచెం గుచ్చుకుంటుంది, ఎందుకంటే ఆ పాఠాలు చెప్పి నెల జీతం తీసుకున్నవాణ్ణి నేను.

ఇలా ఎందుకు జరుగుతుందో చూడండి. డేనియల్ కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మనిషి తన దగ్గర మొత్తం ఎంత ఉందని లెక్కించడు. ఏదో ఒక చోట గీత గీసుకుంటాడు. గీతకు పైన ఉన్నది లాభం, కింద ఉన్నది నష్టం. అదే పరిమాణంలో లాభం ఇచ్చే ఆనందం కంటే నష్టం పెట్టే బాధ చాలా ఎక్కువ. నాణెం ఎగరేసి, బొరుసు పడితే మీరు నాకు 1000 రూపాయలు ఇవ్వాలంటే, బొమ్మ పడినప్పుడు నేను మీకు ఎంత ఇస్తానంటే ఆడతారు? 1100 అంటే చాలామంది లేచి వెళ్ళిపోతారు. రెండు వేల దగ్గరికి వస్తే ఆలోచిస్తారు. 1992లో వాళ్ళిద్దరూ తమ ప్రయోగాల నుంచి కట్టిన అంచనా కూడా ఆ దరిదాపుల్లోదే: నష్టం బరువు లాభానికి రెండుంపావు రెట్లు. ఈ సంఖ్య అందరికీ, అన్ని సందర్భాలకీ ఒకేలా ఉండదు గానీ, త్రాసు ఎటు మొగ్గుతుందో తెలియడానికి సరిపోతుంది. అర్థశాస్త్రంలో కానెమన్‌కు 2002లో నోబెల్ వచ్చింది. ట్వెర్‌స్కీ అంతకు ముందే, 1996లో, పోయారు.

ఈ సిద్ధాంతంలో రెండో భాగం గురించి బయట అంతగా మాట్లాడరు. గీతకు దగ్గరలో ఉన్న తేడా పెద్దగా కనిపిస్తుంది, దూరం వెళ్ళేకొద్దీ అదే తేడా చిన్నదవుతుంది. మెక్‌నీల్ పట్టికలో మొదటి వరస మళ్ళీ చూడండి. "90 మంది బతుకుతారు, 100 మంది బతుకుతారు" అన్నప్పుడు రెండూ సున్నాకు ఎంతో దూరంలో ఉన్న పెద్ద అంకెలు. తొంభై అయితేనేం, వంద అయితేనేం అనిపిస్తుంది. "10 మంది పోతారు, ఒక్కరూ పోరు" అనగానే అదే పది, సున్నా పక్కన నిలబడుతుంది. ఆ పదిలో తన మొహం కనిపిస్తుంది. కాబట్టి పోయిన లెక్కలో మొదటి వరస మిగతా రెండు వరసలనూ మింగేస్తుంది. అయిదేళ్ళ తర్వాత 66కూ 78కీ ఉన్న పన్నెండు మంది తేడా, సున్నాకూ పదికీ ఉన్న తేడా ముందు వెలవెలబోతుంది.

మా వాళ్ళ విషయంలో ఆ గీత ఎక్కడ ఉంటుందో నేను చూశాను. ఉదయం ఇంట్లో ఇడ్లీ తిని, ఆటో ఎక్కి, తన కాళ్ళ మీద నడిచి మీ గదికి వచ్చిన మనిషి, అదీ గీత. ఆపరేషన్‌లో జరిగే ఏ కీడైనా ఆ గీతకు కిందే ఉంటుంది, దాని మీద కొడుకు సంతకం కూడా ఉంటుంది. ఆపరేషన్ మానేస్తే రెండేళ్ళ తర్వాత ఆయాసంతో జరిగేది ఎవరి సంతకంతోనూ జరగదు, అది రోగం ఖాతాలో పడుతుంది. అందుకే "చేయిస్తే ఏమవుతుంది" అన్న ప్రశ్న గదిలో పదిసార్లు వినిపిస్తుంది, "చేయించకపోతే ఏమవుతుంది" అన్నది ఒక్కసారి కూడా వినిపించదు. రోగి అడగడు కాబట్టి మీరూ చాలాసార్లు చెప్పరు. వద్దన్న దారి కూడా ఒక దారే, దానికీ వందలో ఇంతమంది అన్న లెక్క ఉంటుందన్న సంగతి బల్ల మీదికి రాకుండానే మాట ముగుస్తుంది.

ఇంతవరకూ రాసింది చదివి, రోగులు తర్కం తెలియనివాళ్ళని నేను తేల్చేశానని అనుకోవద్దు. నా మేనల్లుడి పక్షాన కూడా ఒక వాదన ఉంది. క్రెగ్ మెకెంజీ, జోనథన్ నెల్సన్ అనే ఇద్దరు 2003లో ఒక ముచ్చటైన ప్రయోగం ప్రచురించారు. సగం వరకు నీళ్ళున్న గ్లాసును ఎలా వర్ణిస్తారని అడిగారు. నిండుగా ఉన్న గ్లాసు తగ్గి సగమైందని తెలిస్తే, జనం "సగం ఖాళీ" అనడం పెరిగింది. ఖాళీగా ఉన్నది సగం వరకు వచ్చిందంటే "సగం నిండింది" అనడం పెరిగింది. మాట వినే వైపు ఉన్నవాళ్ళు కూడా, ఏ మాట వాడారన్న దాన్ని బట్టి అంతకు ముందు గ్లాసు ఎలా ఉండేదో ఊహించగలిగారు. అంటే చెప్పేవాడు ఎంచుకున్న రూపమే ఒక సమాచారం. లెక్క ప్రకారం సమానమైన రెండు వాక్యాలు, మనుషుల మధ్య మాటలుగా సమానం కాదు.

దీన్ని మీ గదిలోకి తెచ్చి చూడండి. డాక్టరు "తొంభై ఏడు మంది క్షేమం" అన్నారంటే, చేయించుకోమని చెబుతున్నారని వినేవాడు అనుకుంటాడు. "మూడు శాతం ప్రాణాపాయం" అన్నారంటే, ఆయనకే నమ్మకం లేదనో, ఈ కేసు మిగతావాటి కంటే కష్టమనో అనుకుంటాడు. ఇది మూర్ఖత్వం కాదు. ఎదుటివాడి నోటి వాటం బట్టి మనసు పట్టుకోవడం మనందరం రోజంతా చేసే పనే. చిక్కల్లా ఏమిటంటే, మొదటి సర్జన్ ఆ రూపాన్ని తన అభిప్రాయం చెప్పడానికి ఎంచుకోలేదు. అలవాటు కొద్దీ అలా అన్నారు, రేపు కేసు కాకూడదన్న జాగ్రత్త కూడా కొంత ఉండవచ్చు. మా వాళ్ళు మాత్రం ఆ మాటలో ఒక సలహా విన్నారు, ఆయన ఇవ్వని సలహాను పాటించారు.

నా అసలు విన్నపం ఇదే. మీ సలహాను అంకెల రూపంలో దాచకండి. సలహా ఉంటే సలహాగా చెప్పండి: "నా అభిప్రాయం అడిగితే చేయించమంటాను, కారణం ఇది." అంకెలను అంకెలుగా, రెండు వైపుల నుంచీ చెప్పండి: "ఇలాంటి వంద మందికి చేస్తే తొంభై ఏడుగురు ఇంటికి వెళతారు, ముగ్గురు పోతారు." ఈ రెండూ రెండు వేరు వాక్యాలయితే, మీ తమిళ యాస తెలుగులో చెప్పినా సరే, మాకు అర్థమవుతుంది.

శాతాల కంటే మనుషుల లెక్క మంచిది, ఆ వంద కూడా మారకూడదు. ఒక వైద్యానికి వందలో ఇంత, ఇంకోదానికి వెయ్యిలో ఇంత అంటే పోలిక పోతుంది. కాలం కూడా మారకూడదు. ఆపరేషన్‌కు నెల రోజుల లెక్క, మందులకు అయిదేళ్ళ లెక్క చెబితే, మందుల వైపు చావులు ఎక్కువగా కనిపించడం ఖాయం. "ప్రమాదం సగానికి తగ్గుతుంది" అన్న మాటతో మరీ జాగ్రత్త. వందలో ఇద్దరికి వచ్చేది ఒక్కరికి వచ్చినా సగమే, వందలో నలభై మందికి వచ్చేది ఇరవై మందికి వచ్చినా సగమే. దేని నుంచి దేనికో చెప్పకుండా సగం అన్న మాట వాడితే, వినేవాడు తన భయానికి తగిన అంకెను తనే వేసుకుంటాడు.

ఒకే కాగితం మీద వంద చిన్న సున్నాలు అచ్చువేసి, పోయేవాళ్ళను నింపి, మిగతావాళ్ళను ఖాళీగా వదిలేస్తే ఇంకా మేలు. ఆ బొమ్మలో చావూ బతుకూ ఒకేసారి కనిపిస్తాయి. పక్కనే ఇంకో వంద సున్నాలు, అదే కాలానికి, ఆపరేషన్ చేయించకపోతే ఏమవుతుందో చూపేవి. నాకు తెలిసినంతలో రోగి గీసుకున్న గీతను జరపడానికి ఈ రెండో బొమ్మకు మించిన సాధనం లేదు. ఇవాళ ఇడ్లీ తిన్న మనిషిని కాకుండా, రెండేళ్ళ తర్వాత ఆ మనిషి ఎలా ఉంటాడన్నదాన్ని అది ముందు పెడుతుంది. అయితే ఆ రెండో బొమ్మకు మీ దగ్గర నమ్మదగిన అంకె లేకపోతే, లేదని చెప్పండి. ఊహతో నింపిన సున్నాలు భయపెట్టడానికే పనికొస్తాయి.

ఇలా చెబితే అందరూ ఆపరేషన్‌కే ఒప్పుకుంటారని కాదు, ఒప్పుకోవాలని కూడా కాదు. మళ్ళీ ఆ 1982 పట్టికే చూడండి. అయిదేళ్ళకు ఆపరేషన్ మెరుగు, 34 మందీ 22 మందీ. ఏడాదికి మాత్రం రేడియేషన్ మెరుగు, 77 మందీ 68 మందీ. వచ్చే మాఘమాసంలో కూతురి పెళ్ళి పెట్టుకున్న తండ్రి, ఆ ముహూర్తానికి పీట మీద కూర్చోవడమే తనకు ముఖ్యమంటే, రేడియేషన్ అడగడం తప్పు లెక్క కాదు. చిన్నపిల్లలున్న నలభై ఏళ్ళ మనిషి ఇదే పట్టిక చూసి ఆపరేషన్ అంటే అదీ సరైనదే. వాళ్ళ జీవితం బట్టి నిర్ణయం మారాలి, మీ వాక్యం బట్టి మారకూడదు. అలా మారుతోందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఒకసారి ఒక రూపంలో చెప్పి, కాఫీ తాగి రమ్మని పంపి, తిరిగి వచ్చాక రెండో రూపంలో చెప్పి అడగండి. జవాబు తిరగబడితే ఆ కుటుంబం ఇంకా నిర్ణయించుకోలేదన్నమాట. అప్పుడు సంతకం తీసుకోవద్దు. తాము విన్నదాన్ని తమ మాటల్లో చెప్పమన్నా మంచిదే. మా మేనల్లుణ్ణి ఆ రోజు ఎవరైనా అలా అడిగి ఉంటే, "తొంభై ఏడు శాతం గ్యారంటీ" అన్న మాట మీ గదిలోనే బయటపడేది, మా వరండాలో కాదు.

రెండు రూపాల్లో చెప్పినంత మాత్రాన మొగ్గు పూర్తిగా పోతుందని నేను అనను. ముందు ఏది చెప్పామన్నదీ, గొంతు ఎక్కడ తగ్గిందన్నదీ కూడా పనిచేస్తాయి. పైగా ఇలాంటి ప్రయోగాల్లో చాలావరకు ఊహా ప్రశ్నలే. నిజంగా రోగం వచ్చినవాడి మనసు అంత తేలిగ్గా అటూ ఇటూ ఊగకపోవచ్చు, ఇంకా ఎక్కువే ఊగవచ్చు. భయంతో వణికిపోతున్న ముసలావిడ ముందు వంద సున్నాలు పెట్టడం క్రూరమని మీలో ఎవరైనా అంటే, ఆ మనిషి వరకూ నేను ఒప్పుకుంటాను. కొందరికి అంకెలు అక్కర్లేదు, "మీ ఇష్టం డాక్టరుగారూ" అనే హక్కు వాళ్ళకుంది. కానీ అది వాళ్ళు అడిగాక చేసే మినహాయింపు కావాలి.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, రోగి ఇచ్చే సమ్మతి నిజమైనదై ఉండాలని, చికిత్స స్వభావం, లాభాలు, ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు, చేయించకపోతే వచ్చే పరిణామాలు చెప్పాలని స్పష్టం చేసింది. ఆ చివరి అంశం మన గదుల్లో ఎంత అరుదుగా వినిపిస్తుందో పైన రాశాను. ఇవన్నీ ఏ మాటల్లో చెప్పాలో తీర్పులు చెప్పలేవు, అది మీ చేతిలోనే ఉంది.

కౌన్సెలర్లకు విడిగా ఒక మాట. "ఈ వారం అడ్మిట్ కాకపోతే ప్యాకేజీ తగ్గింపు పోతుంది" అని మా వాళ్ళతో అంటారు. తగ్గింపు రావడం కంటే పోవడం ఎందుకు ఎక్కువ పనిచేస్తుందో ఇప్పటికే చెప్పాను. చీరల దుకాణంలో అయితే నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ప్రాణం గురించి ఆలోచిస్తున్న కుటుంబం దగ్గర ఆ మాట, ఆ గడువు, రెండూ మానేయండి. ధర ఎంతో చెప్పండి, అది ఏ తేదీ వరకు ఉంటుందో కాగితం మీద రాసివ్వండి, చాలు.

సమ్మతి పత్రంతో పాటు ఇవ్వడానికి వీలుగా రెండు బొమ్మలున్న తెలుగు కాగితం ఒకటి తయారుచేయాలనుకునే విభాగం ఏదైనా ఉంటే, వాక్యాలు రాయడానికి, సున్నాలు సరిచూడటానికి నేను సిద్ధంగా ఉన్నాను. అంకెలు మాత్రం మీ ఆస్పత్రివే కావాలి, మీ దగ్గర, మీ చేతుల మీదుగా జరిగిన ఆపరేషన్లవి. ఎక్కడో పుస్తకంలోవి అయితే ఆ సంగతి కాగితం కింద రాయాలి. అది ఒక్కటే నా షరతు.

ఇట్లు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
కోడంబాక్కం, చెన్నై